ఒకే టైరులో గేజ్ మూడు రకాల అంకెలు చూపిస్తే దేన్ని నమ్మాలి?

ప్రశ్న: కారు టైర్ల కోసం ట్రెడ్ డెప్త్ గేజ్ కొన్నాను. ముందు ఎడమ టైరులో మధ్య గాడి దగ్గర 4.3, లోపలి గాడిలో 3.4 వచ్చింది. అదే లోపలి గాడిలో కాస్త జరిపి పెడితే 1.8 చూపించింది. 1.6 మి.మీ. వరకు వాడుకోవచ్చు అంటారు. నేను వర్షంలో కూడా హైవే మీద ఎక్కువగా తిరుగుతాను. ఇందులో ఏ అంకె చూడాలి, టైరు ఎప్పుడు మార్చాలి?

సమాధానం:

3.4ను చూడండి. తడి రోడ్డు విషయంలో టైరు మొత్తంలో ఎక్కువ అరిగిన ప్రధాన గాడి ఎంత లోతుందో అదే ఆ టైరు లోతు. సగటు తీయకూడదు, మధ్య గాడిని చూసి ధైర్యపడకూడదు. ఆ కనిష్ఠ లోతు 4 మి.మీ.కి వచ్చినప్పటి నుంచి కొత్త టైర్లకు సిద్ధపడాలి, 3 మి.మీ. దగ్గర మార్చేయాలి. 1.6 అనేది చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే చివరి హద్దు మాత్రమే. ఆ లోతుతో వానలో హైవే వేగాలకు వెళ్లడం ప్రమాదం. మీ టైరుకు ఇంకా కొంచెమే ఆయుష్షు ఉంది, ఎన్ని కిలోమీటర్లో లెక్క కట్టే పద్ధతి కింద రాస్తాను.

ముందు ఆ 1.8 సంగతి. అది నిజమైన లోతు కాదు. గాడి అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న రబ్బరు కట్టలు ఉంటాయి. టైరు చుట్టూ కనీసం ఆరు చోట్ల వస్తాయి, ఒక్కొక్కటి 1.6 మి.మీ. ఎత్తు. ట్రెడ్ అరిగి అరిగి ఆ కట్టతో సమమైతే టైరు చట్టపరమైన హద్దుకు వచ్చిందని గుర్తు. మీ గేజ్ సూది ఆ కట్ట మీద ఆగింది. 3.4 లోంచి 1.6 తీసేస్తే సరిగ్గా 1.8, అందుకే ఇంత నమ్మకంగా చెబుతున్నాను. టైరు పక్క గోడ మీద, అంచుకు దగ్గరగా, చిన్న త్రికోణమో టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఉంటాయి. ఆ గుర్తుకు ఎదురుగా ట్రెడ్‌లో కట్ట ఉంటుంది. కొలిచేటప్పుడు ఆ గుర్తుకు ఓ జానెడు పక్కకు జరగండి.

ఇక కొలిచే పద్ధతి. గేజ్ డిజిటల్‌ది అయినా, సూదిని నొక్కి పక్కనున్న స్కేలు చదివేది అయినా, మొదట సున్నా సరిచూడాలి. మందపాటి అద్దం ముక్క మీద గేజ్ అడుగును ఆనించి సూదిని నొక్కండి. 0 రావాలి. 0.3 చూపిస్తే ఆ రోజు ప్రతి కొలత లోంచి 0.3 తీసేయండి, డిజిటల్‌ది అయితే అక్కడే సున్నాకు సెట్ చేయండి. 3 మి.మీ. దగ్గర నిర్ణయం తీసుకునేటప్పుడు 0.3 తేడా చిన్నది కాదు, దాని విలువ కొన్ని వేల కిలోమీటర్లు. ఇంకో సంగతి: కొన్ని గేజ్‌లకు రెండు స్కేళ్లు ఉంటాయి, ఒకటి మిల్లీమీటర్లు, రెండోది అంగుళంలో 32వ వంతులు. రెండో స్కేలు మీద 4 అంటే 3.2 మి.మీ. మాత్రమే. దాన్ని 4 మి.మీ. అనుకుని నిశ్చింతగా ఉండిపోయే వాళ్లు చాలామంది.

బండిని సమతలం మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో ఉంచండి. ముందు టైర్లకు స్టీరింగ్‌ను ఒక వైపు పూర్తిగా తిప్పితే లోపలి అంచు కూడా బయటికి కనిపిస్తుంది. వెనక టైర్ల లోపలి వైపు చేతికి అందడం కష్టం. అలాగని వదిలేయకండి, ఎక్కువగా మోసపోయేది అక్కడే. చెయ్యి పెట్టే ముందు ఫోన్ కెమెరాతో ఒక ఫొటో తీసి చూడండి. లోపలి అంచు బాగా అరిగి ఉంటే ఉక్కు తీగలు బయటికి పొడుచుకొచ్చి ఉండొచ్చు, అవి బ్లేడులా కోస్తాయి.

టైరు చుట్టూ తిరిగే పెద్ద గాళ్లు కార్ల టైర్లలో మామూలుగా మూడో నాలుగో ఉంటాయి. ప్రతి గాడిలో ఒక కొలత, టైరు చుట్టూ సమాన దూరంలో మూడు చోట్ల. నాలుగు గాళ్లయితే ఒక టైరుకు 12 అంకెలు. ఎప్పుడూ బయటి వైపు నుంచి లోపలికి అదే వరుసలో రాసుకోండి, లేకపోతే తర్వాత ఏది ఏదో తెలియదు. మూడు చోట్లు కొలవడానికి బండిని టైరు చుట్టుకొలతలో మూడో వంతు చొప్పున ముందుకు జరపాలి, మామూలు కారుకు అది సుమారు 60 నుంచి 70 సెం.మీ. ఉంటుంది.

ఒక్క చోట చాలదా అంటే, చాలదు. గాడి నుంచి గాడికి తేడా ఉంటే ఆ అరుగుదలకు కారణం గాలి ఒత్తిడో, చక్రాల అలైన్‌మెంటో. అదే గాడిలో చోటు నుంచి చోటుకు తేడా ఉంటే కారణం వేరు: బ్యాలెన్సింగ్ సరిగా లేకపోవడం, షాక్ అబ్జార్బర్ బలహీనపడడం, లేదా ఎప్పుడో గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ అయి ఒకే చోట రబ్బరు చెక్కుకుపోవడం. ఒక్క చోట మాత్రమే కొలిస్తే ఆ గుండు పడిన చోటు మీకు దొరకనే దొరకదు.

గేజ్ పెట్టే తీరులో మూడు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది కట్ట మీద పెట్టడం, అది చెప్పాను. రెండోది, సన్నని కోతల్లో సూది దించడం. ట్రెడ్ దిమ్మెల మీద కత్తితో గీసినట్టు ఉండే ఆ కోతలు ప్రధాన గాళ్లంత లోతు ఉండకపోవచ్చు, ఆ అంకెలు లెక్కలోకి రావు. మూడోది చాలా సూక్ష్మమైనది. గేజ్ అడుగు గాడికి రెండు వైపులా ఉన్న రబ్బరు మీద ఆనుతుంది. టో అంటే పైనుంచి చూస్తే చక్రం ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. అది తప్పిన టైరులో ప్రతి దిమ్మెకు ఒక అంచు పదునుగా లేచి, రెండో అంచు నున్నగా అరిగి ఉంటుంది. గేజ్ ఆ లేచిన అంచు మీద కూర్చుంటే లోతు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా ఒకసారి ఇటు నుంచి అటు, మళ్లీ అటు నుంచి ఇటు పోనిచ్చి చూడండి. ఒక దిశలో నున్నగా, ఇంకో దిశలో రంపంలా తగిలితే ఈ సంగతి గుర్తుపెట్టుకుని, గేజ్‌ను కాస్త అటూ ఇటూ జరిపి వచ్చిన వాటిలో చిన్న అంకెనే రాసుకోండి. గాడిలో రాయో, మట్టో ఉంటే ముందు తీసేయాలని వేరే చెప్పక్కర్లేదు.

గేజ్‌కు దొరకని చోటు కూడా ఒకటుంది. చివరి గాడికి అవతల, టైరు భుజం మీద, పొడవు గాడి ఉండదు. అక్కడ రబ్బరు పూర్తిగా పోయినా పక్క గాడిలో 3.5 రావచ్చు. అందుకే అంకెలు రాసుకున్నాక ఆ భుజాన్ని కంటితో చూడాలి. అక్కడి అడ్డ గాళ్లు చెరిగిపోయినా, రబ్బరు కింద గుడ్డ పొరలాంటిదో తీగలో కనిపించినా గేజ్ ఏమన్నా సరే ఆ టైరు పని అయిపోయినట్టే.

ఇప్పుడు 3 మి.మీ. ఎందుకో చూద్దాం. తడి రోడ్డు మీద టైరు రబ్బరు రోడ్డును తాకాలంటే మధ్యలో ఉన్న నీటికి పోవడానికి దారి కావాలి. నేలను తాకే భాగం 160 మి.మీ. వెడల్పు ఉన్న టైరు అనుకోండి. రోడ్డు మీద 2 మి.మీ. నీరు నిలిచి ఉంది, వేగం గంటకు 80 కి.మీ. ఆ టైరు సెకనుకు 22 మీటర్లు ముందుకు పోతూ తన దారిలో ఉన్న సుమారు 7 లీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. ఒక్క టైరు, ఒక్క సెకను. కొంత నీరు ముందుకూ పక్కలకూ చిమ్ముతుంది, మిగిలింది గాళ్లలోంచే పోవాలి.

ఎదురయ్యే నీటి అడ్డుకోత వైశాల్యం 160 ఇంటూ 2, అంటే 320 చదరపు మి.మీ. ఒక్కోటి 9 మి.మీ. వెడల్పున్న నాలుగు గాళ్లుంటే, 8 మి.మీ. లోతున్న కొత్త టైరులో గాళ్ల వైశాల్యం 288. దాదాపు వచ్చిన నీరంతా పట్టేస్తుంది. 3 మి.మీ. దగ్గర అది 108, మూడో వంతు. 1.6 దగ్గర 58 కూడా లేదు, అయిదో వంతుకు తక్కువ. నిజానికి పరిస్థితి ఇంకా అన్యాయం, ఎందుకంటే గాడి గోడలు నిటారుగా ఉండవు, అడుగుకు పోయేకొద్దీ గాడి సన్నబడుతుంది. లోతుతో పాటు వెడల్పూ తగ్గుతుంది. పట్టని నీరు టైరు ముందు మేట వేసి దాని కింద చీలలా దూరి టైరును పైకి లేపుతుంది. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది, ఇంజిన్ నడిపే చక్రాలు నీటి మీద ఉంటే ఇంజిన్ చప్పుడు ఉన్నట్టుండి పెరుగుతుంది. అలా అనిపిస్తే స్టీరింగ్ తిప్పకుండా, బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయాలి.

టైరు తేలకముందే బ్రేకింగ్ దెబ్బతింటుంది. 2018లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ పరీక్షించినప్పుడు తడి రోడ్డు మీద గంటకు 60 మైళ్ల వేగం నుంచి ఆగడానికి, కొత్త టైర్లతో పోలిస్తే 3.2 మి.మీ. దగ్గర ఉన్న టైర్లకు సగటున 43 శాతం ఎక్కువ దూరం పట్టింది. దాదాపు 26 మీటర్లు, అంటే ఆరు కార్ల పొడవు. అది 1.6 కాదు, దానికి రెట్టింపు లోతు దగ్గరి ఫలితం. అందుకే 3 మి.మీ. అన్నది అతి జాగ్రత్త అని నేను అనుకోను. అదే నా దృష్టిలో ఆఖరి మెట్టు. వెడల్పైన టైర్లున్న బండికి, లేదా రాత్రిపూట వానలో వేగంగా పోక తప్పని వాళ్లకు 4 దగ్గరే మార్చమంటాను. టైరు ఎంత వెడల్పైతే అంత ఎక్కువ నీటిని నెట్టాలి మరి. చలికాలపు టైర్లకు కూడా 4 మి.మీ.నే హద్దుగా పాటిస్తారు.

ఖర్చు మాటకొస్తే, దాచాల్సింది ఏమీ లేదు. 8 నుంచి 1.6 వరకు అరగదీస్తే 6.4 మి.మీ. రబ్బరు వాడుకున్నట్టు. 3 దగ్గర ఆపితే 1.4 వదులుకుంటున్నారు, అయిదో వంతుకు కాస్త ఎక్కువ. ట్రెడ్ దిమ్మెలు పొట్టిగా అయ్యాక కదలిక తగ్గి కాస్త నెమ్మదిగా అరుగుతాయి కాబట్టి కిలోమీటర్లలో నష్టం అంతకంటే కొంత ఎక్కువే ఉంటుంది. తడి రోడ్లే లేని చోట, ఊళ్లో మెల్లగా తిరిగే బండికి ఆ లెక్క వేరు కావచ్చు. మీరు వానలో హైవే అన్నారు కాబట్టి అది మీకు వర్తించదు.

మీలాంటి టైరుకే లెక్క కట్టి చూపిస్తాను. బయటి నుంచి లోపలికి నాలుగు గాళ్లు, మూడు చోట్ల:

మొదటి చోట 4.5, 4.4, 4.2, 3.4
రెండో చోట 4.5, 4.3, 4.2, 3.3
మూడో చోట 4.4, 4.3, 4.1, 3.4

పన్నెండింటి సగటు 4.1. సగటు చూస్తే ఇంకా ఫర్వాలేదనిపిస్తుంది. కానీ లెక్కలోకి వచ్చేది 3.3. మూడు చోట్లా ఒకే తీరు ఉంది కాబట్టి షాక్ అబ్జార్బర్‌ను అనుమానించక్కర్లేదు. లోపలి గాడి ఒక్కటే దిగింది, కాబట్టి అలైన్‌మెంట్: టో గానీ, చక్రం పైభాగం లోపలికి వాలే కాంబర్ గానీ. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువైందనీ, మధ్య అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువైందనీ అనుకునేవాళ్లం.

10,000 కి.మీ. కిందట ఇదే టైరులో లోపలి గాడి కనిష్ఠం 4.5, మధ్య గాడి 5.1 అనుకుందాం. మధ్య గాడి 0.8 అరిగింది, లోపలిది 1.2. మధ్య గాడిని బట్టి చూస్తే 4.3 నుంచి 3కి రావడానికి ఇంకా 16,000 కి.మీ. పైనే ఉంది. లోపలి గాడికి మిగిలింది 0.3 మి.మీ., పదివేలకు 1.2 చొప్పున 2,500 కి.మీ. మాత్రమే. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న తేడా కోసమే అన్ని చోట్ల కొలవడం.

అలైన్‌మెంట్ చేయిస్తే టైరు నిలబడుతుందా అని మీకు అనిపించొచ్చు. ఇవాళే సరిచేసి, లోపలి గాడి కూడా ఇక 0.8 చొప్పునే అరుగుతుందని అనుకున్నా 3,750 కి.మీ. వస్తుంది. ఈ టైరును అది కాపాడదు. అయినా చేయించాలి, కొత్త టైర్లు వేసిన రోజే, లేకపోతే కొత్తవి కూడా అదే దారి పడతాయి. ముందు, వెనక టైర్లు మార్చి వేయడం అరుగుదలను పంచుతుంది గానీ పోయిన లోతును తిరిగి ఇవ్వదు. 3.3 ఉన్న టైరు వెనక్కి వెళ్లినా 3.3యే.

గేజ్ చెప్పలేనివి రెండున్నాయి. ఒకటి గాలి. ఒత్తిడి తక్కువైతే టైరు మధ్య భాగం నీటి ఒత్తిడికి లోపలికి లొంగి, తక్కువ వేగంలోనే తేలిపోతుంది. కాబట్టి టైరు చల్లగా ఉన్నప్పుడు, తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న అంకెకు గాలి సరిచూడండి. రెండోది వయసు. పక్క గోడ మీద డీఓటీ అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఏళ్లు గడిచి గట్టిపడిన రబ్బరుకు గాళ్లు 6 మి.మీ. ఉన్నా తడి రోడ్డు మీద పట్టు ఉండదు. గాడి అడుగున సన్నని పగుళ్లు కనిపిస్తే లోతుతో పని లేకుండా నిపుణుడికి చూపించండి.

మార్చేలోపు వాన పడితే వేగం తగ్గించడమే దారి. నీటి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అందుకే 100 నుంచి 80కి దిగితే అది 64 శాతానికి పడిపోతుంది. చిన్న తగ్గింపుకు పెద్ద లాభం.

ఒకవేళ రెండు టైర్లే కొంటుంటే, బండి ముందు చక్రాలతో నడిచేదైనా సరే, కొత్తవి వెనక వేయించి, వెనక ఉన్న మంచివి ముందుకు తేవాలి, వాటి కనిష్ఠ లోతు కూడా 3 పైన ఉంటేనే. ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, మీరు కాలు తీస్తే పట్టు మళ్లీ దొరుకుతుంది. వెనక టైర్లు జారితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండి అయితే ముందు, వెనక టైర్ల లోతుల మధ్య ఎంత తేడా ఉండొచ్చో మాన్యువల్‌లో చూశాకే రెండు కొనండి, కొన్నింటికి నాలుగూ ఒకేసారి మార్చాల్సి వస్తుంది.

మీ ముందు కుడి టైరు, వెనక రెండు టైర్ల అంకెలు కూడా ఇదే వరుసలో కొలిచి ఇక్కడ పెట్టండి. కుడి టైరులో కూడా లోపలి గాడే దిగి ఉంటే అలైన్‌మెంట్‌లో టోను, ఎడమ టైరు ఒక్కటే దిగి ఉంటే ఆ వైపు కాంబర్‌ను, సస్పెన్షన్‌లో వంగిన లేదా అరిగిన భాగాన్ని ముందుగా చూడమని మెకానిక్‌కు చెప్పొచ్చు.